నలుపంతా నీరు కాదు: పరీక్షలో అల్ట్రాసౌండ్ బొమ్మ చదవడం

(పీజీ పరీక్షలకు తయారవుతున్న డాక్టర్ల కోసం ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

వెనక వరసలో వాళ్ళకి స్క్రీను కనబడుతోందా? బూడిద రంగులో తేడాలు కనబడకపోతే ఇవాళ్టి క్లాసుకి అర్థం లేదు. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. లైట్లు కూడా ఆపేయండి.

సరే. ఈ బొమ్మ చూడండి. ఏముంది ఇందులో? ఎవరైనా చెప్పండి. "ఫ్రీ ఫ్లూయిడ్." బాగుంది. ఎక్కడ? "నల్లగా ఉన్నచోట." నల్లగా ఉన్నవి ఇందులో నాలుగున్నాయమ్మా. ఇదిగో, పైనుంచి కింద దాకా దిగిన ఈ నల్లపట్టీ పక్కటెముక నీడ. ఇవి కిడ్నీలోని పిరమిడ్లు. ఈ లోతున ఉన్నది ఐవీసీ. నాలుగోది, లివర్‌కీ కిడ్నీకీ మధ్య ఉన్న ఈ సన్నటి పట్టీ, అదే మీరు చెప్పిన ఫ్రీ ఫ్లూయిడ్. నాలుగూ నలుపే, నీరు పొట్టలోకి చేరింది మాత్రం ఒక్కచోటే. మీరు "నల్లగా ఉంది కాబట్టి నీరు" అన్నారనుకోండి, పరీక్షకుడు ఏం చేస్తాడు? ఆ పక్కటెముక నీడ మీద వేలు పెట్టి "మరి ఇదో?" అంటాడు. అక్కడితో టెన్షన్ మొదలవుతుంది.

అందుకని ఇవాళ నేను చెప్పేది ఒక్కటే విషయం. ఏ నలుపు చూసినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎక్కడ మొదలైంది? ఎక్కడ ఆగింది? దీని వెనక ఏముంది? మళ్ళీ చెబుతున్నా, దీని వెనక ఏముంది? ముందున్నది ఏమిటో వెనకున్నదే చెబుతుంది. ప్రోబ్ గురించి, వ్యూల గురించి ఏం మాట్లాడినా నేను ఈ ప్రశ్న దగ్గరికే వస్తాను.

ముందు ప్రోబ్ సంగతి తేల్చేద్దాం. పరీక్షలో ప్రోబ్‌ని చేతికివ్వకుండా బొమ్మే చూపించి "ఇది ఏ ప్రోబ్‌తో తీశారు?" అని అడుగుతారు. బొమ్మ పై అంచు చూడండి. అంచు తిన్నగా ఉండి, బొమ్మ దీర్ఘచతురస్రంలా ఉంటే లీనియర్. వెడల్పుగా వంపు తిరిగి ఉంటే కర్విలీనియర్. పైన మొనదేలి కిందికి విసనకర్రలా విచ్చుకుంటే ఫేజ్‌డ్ అరే. అంతే, ఇందులో బట్టీ పట్టాల్సిందేమీ లేదు.

ఏది ఎక్కడ వాడాలన్నది లోతును బట్టి ఉంటుంది. మెత్తటి కణజాలంలో అల్ట్రాసౌండ్ తరంగం ప్రతి సెంటీమీటరుకీ, ప్రతి మెగాహెర్ట్జ్‌కీ సుమారు అర డెసిబెల్ చొప్పున బలం కోల్పోతుంది. లెక్క వేద్దాం. పదిహేను సెంటీమీటర్ల లోతున ఉన్నదాన్ని చూడాలి. వెళ్ళి రావడానికి మొత్తం ముప్పై సెంటీమీటర్లు. 3.5 మెగాహెర్ట్జ్ కర్విలీనియర్‌తో అయితే నష్టం 50 డెసిబెల్స్ పైచిలుకు. మిషన్ దాన్ని పూడ్చుకోగలదు. అదే లోతుకి 10 మెగాహెర్ట్జ్ లీనియర్ పెడితే నష్టం 150 డెసిబెల్స్. తిరిగొచ్చేది నాయిస్‌లో కలిసిపోతుంది, స్క్రీన్ కింద సగం చీకటిగా ఉంటుంది. ఆ చీకటి చూసి నీరు అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు! కాబట్టి సుమారు ఐదారు సెంటీమీటర్ల లోపు ఉన్నవాటికి, అంటే రక్తనాళాలు, ప్లూరా, చర్మం కింద గడ్డలు, వీటికి లీనియర్. పొట్టకి కర్విలీనియర్. గుండెకి ఫేజ్‌డ్ అరే. ఇక్కడ కారణం లోతు ఒక్కటే కాదు, పక్కటెముకల మధ్య సందులో పట్టేంత చిన్న ముఖం దానికుంది. ఫాస్ట్ స్కాన్ మొత్తం కర్విలీనియర్ ఒక్కదానితోనే చేయొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. "గుండెకి ప్రోబ్ మార్చలేదేం?" అని అడిగితే కంగారు పడకండి. పెరికార్డియంలో నీరుందా లేదా అన్న ప్రశ్నకి అది సరిపోతుంది. వాల్వులు చూడటానికి సరిపోదు.

ఇంకో చిన్న మాట, మార్కర్. ప్రోబ్ మీద ఒక గుర్తు, స్క్రీన్ మీద ఒక చుక్క ఉంటాయి. రెండూ ఒకే వైపుని చెబుతాయి. పొట్ట సెట్టింగులో చుక్క స్క్రీన్‌కి ఎడమన ఉంటుంది. నిలువుగా కోసినట్టు చూసేటప్పుడు మార్కర్ తల వైపు పెడతాం కాబట్టి బొమ్మలో ఎడమంటే తల, కుడి అంటే కాళ్ళు. కార్డియాక్ సెట్టింగులో చుక్క కుడికి వెళ్ళిపోతుంది. అది గమనించకుండా మాట్లాడితే మీరు చెప్పిందంతా తలకిందులవుతుంది. బొమ్మ రాగానే మీ కన్ను ముందు ఆ చుక్క మీద పడాలి.

ఇప్పుడు అసలు విషయం. నీరు, ఘనం, గాలి.

నీరు ఎందుకు నల్లగా ఉంటుంది? తరంగాన్ని వెనక్కి తిప్పి పంపేది అందులో ఏమీ లేదు కాబట్టి. సరే, మరి నీటి వెనక తెల్లగా ఎందుకు మెరుస్తుంది? ఇది వైవాలో అడిగే ప్రశ్న. చాలామంది "పోస్టీరియర్ ఎన్‌హాన్స్‌మెంట్" అని పేరు చెప్పి ఆగిపోతారు. పేరు కాదు, కారణం చెప్పండి. లోతు పెరిగేకొద్దీ తరంగం బలహీనపడుతుందని మిషన్‌కి తెలుసు. అందుకని లోతు నుంచి వచ్చే ప్రతిధ్వనుల్ని మరింత పెంచి చూపిస్తుంది. దాన్నే టైమ్ గెయిన్ కాంపెన్సేషన్ అంటారు. కానీ తరంగం నీటిలోంచి వెళితే దాదాపు బలహీనపడదు. మిషన్‌కి ఆ సంగతి తెలియదు, మామూలుగానే పెంచేస్తుంది. అందుకే నీటి వెనకున్న భాగం పక్కనున్న అదే లోతు భాగం కంటే తెల్లగా కనబడుతుంది.

నీడ దీనికి పూర్తిగా ఎదురు. పక్కటెముక గానీ, గాల్‌స్టోన్ గానీ ముందు ఒక తెల్లటి గీత ఇస్తుంది, దాని వెనక ఇక ఏమీ ఉండదు. తరంగం అవతలికి వెళ్ళనే లేదు, తిరిగొచ్చేదేముంది? ఎంత గెయిన్ పెంచినా ఉపయోగం లేదు. ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసి చూడండి. నీడ ఎక్కడ మొదలైంది? తెల్ల గీత దగ్గర. ఎక్కడ ఆగింది? ఆగలేదు, స్క్రీన్ చివరిదాకా పోయింది. వెనక ఏముంది? నలుపే. మరి నీరు? అది ఒక చోట మొదలై ఒక చోట ఆగుతుంది, దాని వెనక తెలుపు. చూశారా, రంగు ఒకటే, వెనక కథ వేరు.

ఘనం గురించి ఎక్కువ చెప్పను. బూడిద రంగులో మెట్లు మెట్లుగా ఉంటుంది. మామూలుగా కిడ్నీ కార్టెక్స్ లివర్‌తో సమానంగా గానీ కాస్త నల్లగా గానీ ఉంటుంది. ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. అప్పుడే కారిన రక్తం నల్లగా ఉంటుంది, గడ్డకట్టాక బూడిద రంగులోకి వస్తుంది. దెబ్బ తగిలి చాలాసేపయిన మనిషిలో నలుపు కోసమే వెతికితే, స్ప్లీన్ చుట్టూ గడ్డకట్టిన రక్తాన్ని స్ప్లీనే అనుకుని వదిలేస్తారు. అవయవం అంచు ఎక్కడ ముగిసిందో చూడాలి.

ఇక గాలి. గాలి అంటే అల్ట్రాసౌండ్‌కి గోడ. మెత్తటి కణజాలం గాలిని తాకేచోట తరంగంలో 99.9 శాతం వెనక్కి వచ్చేస్తుంది. జెల్ ఎందుకు రాస్తాం? ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య ఆ గోడ లేకుండా చేయడానికే. అయితే గాలి వెనక నీడ ఎముక నీడలా శుభ్రంగా నల్లగా ఉండదు. మసకమసకగా, బూడిద పట్టీలతో ఉంటుంది. దాన్ని డర్టీ షాడో అంటాం. ఎందుకలా? తరంగం గాలి అంచుకీ ప్రోబ్‌కీ మధ్య రెండు అద్దాల నడుమ వెలుగులా అటూ ఇటూ కొట్టుకుంటుంది. ప్రతిసారీ ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వనిని మిషన్ మరింత లోతున గీస్తుంది. ఊపిరితిత్తి మీద ఏ-లైన్లు ఇవే. ప్లూరా చర్మం నుంచి రెండు సెంటీమీటర్ల లోతున ఉంటే మొదటి ఏ-లైన్ నాలుగు దగ్గర, తర్వాతది ఆరు దగ్గర వస్తుంది. దూరాలు సమానం. అక్కడ నిజంగా ఏ గీతా లేదు, అది మిషన్ భ్రమ.

ఇక్కడొక ఉచ్చు ఉంది. ఏ-లైన్లు కనబడితే ఊపిరితిత్తి బాగున్నట్టేనా? కాదు. ఏ-లైన్లు ప్లూరా వెనక గాలి ఉందని మాత్రమే చెబుతాయి. ఆ గాలి ఊపిరితిత్తిలోదా, న్యుమోథొరాక్స్‌దా అన్నది వాటిని చూసి చెప్పలేం. అది చెప్పేది స్లైడింగ్, అంటే ఊపిరితో పాటు ప్లూరా జారడం. జారుతుంటే ప్రోబ్ పెట్టిన ఆ చోట న్యుమోథొరాక్స్ లేదు. జారకపోతే న్యుమోథొరాక్స్ కావచ్చు. లేదా ట్యూబ్ కుడి బ్రాంకస్‌లోకి దిగిపోయి ఎడమ ఊపిరితిత్తి కదలకపోవచ్చు, ప్లూరా అతుక్కుపోయి ఉండొచ్చు. జారే భాగం, జారని భాగం ఒకే చోట కలిసే లంగ్ పాయింట్ దొరికితేనే ఖాయంగా చెప్పగలం. ఈ తేడా చెప్పినవాళ్ళకీ చెప్పనివాళ్ళకీ మార్కుల్లో తేడా ఉంటుంది.

ఇప్పుడు ఫాస్ట్ వ్యూలు. నాలుగు చోట్ల చూస్తాం. అన్నింటికీ సమానంగా టైమ్ ఇవ్వను, కుడి పైభాగం మీదే ఎక్కువసేపు ఉంటాను. ఎందుకంటే పరీక్షలో వచ్చేది ఎక్కువగా అదే.

ప్రోబ్‌ని కుడి మిడ్ ఆక్సిలరీ లైన్ మీద, 8 నుంచి 11 పక్కటెముకల ప్రాంతంలో, మార్కర్ తల వైపు పెట్టండి. లివర్, కిడ్నీ, వాటి మధ్య మోరిసన్ పౌచ్ వస్తాయి. చాలామంది ఇక్కడ ఒక్క ఫ్రేమ్ చూసి నెగటివ్ అనేస్తారు. ఆగండి. నీరు ముందుగా చేరేది లివర్ కింది కొస దగ్గర. ప్రోబ్‌ని ఒక సందు కిందికి జరిపి ఆ కొస కనబడేదాకా వెళ్ళాలి. కొస చూపించని బొమ్మతో నెగటివ్ అని చెప్పకూడదు. బొమ్మలో కొస లేకపోతే "ఈ వ్యూ పూర్తి కాదు, లివర్ కొస చూడాలి" అనండి. పరీక్షకుడు వినాలనుకునేది అదే.

తర్వాత పైకి జరపండి. డయాఫ్రమ్ తెల్లటి వంపు గీతలా ఉంటుంది. దాని పైన ఏముంది? మామూలు మనిషిలో లివర్‌లాంటిదే ఇంకోటి కనబడుతుంది. అది మిర్రర్ ఇమేజ్. డయాఫ్రమ్ పైన గాలి ఉంది కాబట్టి తరంగం వెనక్కి తిరిగి లివర్‌నే మళ్ళీ చూపించింది. అది కనబడటం మంచిదే. ఇప్పుడు కింద వెన్నెముక గీత చూడండి. మామూలుగా అది డయాఫ్రమ్ దగ్గర ఆగిపోతుంది, పైన గాలి దాన్ని మూసేస్తుంది కాబట్టి. ప్లూరల్ ఎఫ్యూజన్ ఉంటే? గాలి స్థానంలో నీరు వచ్చింది, తరంగం దారి దొరికి లోపలికి వెళ్ళింది, వెన్నెముక డయాఫ్రమ్ దాటి పైకి కొనసాగుతూ కనబడుతుంది. అదే స్పైన్ సైన్. మళ్ళీ అదే ప్రశ్నకి వచ్చాం చూడండి, వెనక ఏముంది?

ఎడమ వైపుకి ప్రోబ్‌ని కుడి కంటే ఇంకా పైకి, ఇంకా వెనక్కి పెట్టాలి. పోస్టీరియర్ ఆక్సిలరీ లైన్ మీద, మీ చేతి మెటికలు మంచానికి ఆనాలి. ఇక్కడ నీరు ముందు స్ప్లీన్‌కీ కిడ్నీకీ మధ్య కాదు, స్ప్లీన్‌కీ డయాఫ్రమ్‌కీ మధ్య చేరుతుంది. అక్కడ చూడకుండా వదలొద్దు. పొట్టలో నీరు నిండిన కడుపు సంచి కూడా ఇక్కడ మోసం చేస్తుంది, కానీ దానికి గోడ ఉంటుంది.

పెల్విస్‌లో బ్లాడర్ నిండి ఉండాలి, కాబట్టి వీలైతే కాథెటర్ వేయకముందే చూడాలి. ఇక్కడ నీటి వెనక తెలుపే మనకి శత్రువు. నిండిన బ్లాడర్ వెనక అంతా మెరిసిపోతుంది, ఆ మెరుపులో కొద్దిపాటి నీరు మునిగిపోతుంది. గెయిన్ తగ్గించి చూడాలి. ఎందుకు తగ్గించాలని అడిగితే ఇందాక చెప్పిన కారణమే చెప్పండి.

నాలుగోది సబ్‌జిఫాయిడ్. లివర్‌ని కిటికీగా వాడుకుని గుండెను చూస్తాం. గుండె చుట్టూ నల్లపట్టీ ఉంటే ఎఫ్యూజన్. ముందు వైపు మాత్రమే ఉండి, లోపల సన్నటి చుక్కలతో గుండెతో పాటు కదులుతుంటే అది కొవ్వు కావచ్చు. ఎఫ్యూజన్ ఉందని తేలినా టాంపొనాడ్ అనేయకండి. డయాస్టొలీలో కుడి వెంట్రికల్ లోపలికి ముడుచుకోవడం, ఐవీసీ ఉబ్బి ఊపిరితో మారకపోవడం, వీటితో పాటు రోగి పరిస్థితి కూడా చెప్పాలి.

ఇప్పుడు మొదటి బొమ్మకి కేసు జోడిద్దాం. ముప్పై రెండేళ్ళ మనిషి, రోడ్డు ప్రమాదం, పల్స్ 128, బీపీ 84/50. బొమ్మ చూసి ఏమంటారు? నేనైతే ఇలా చెబుతాను, రాసుకోండి:

"ఇది కర్విలీనియర్ ప్రోబ్‌తో తీసిన కుడి పైభాగం వ్యూ. ఎడమ వైపు తల. లివర్, కుడి కిడ్నీ, డయాఫ్రమ్ కనబడుతున్నాయి. లివర్‌కీ కిడ్నీకీ మధ్య సుమారు ఒక సెంటీమీటరు మందాన నల్లటి పట్టీ ఉంది. దానికి సొంత గోడ లేదు, చివర్లు మొనదేలి ఉన్నాయి, లివర్ కొస దాకా కొనసాగింది. డయాఫ్రమ్ పైన మిర్రర్ ఇమేజ్ ఉంది, వెన్నెముక గీత డయాఫ్రమ్ దగ్గరే ఆగింది, కాబట్టి ఈ వైపు ప్లూరల్ ఎఫ్యూజన్ ఆనవాలు లేదు. ఇది పెరిటోనియంలో ఫ్రీ ఫ్లూయిడ్."

గమనించారా? చివరి వాక్యందాకా నేను రోగం పేరు ఎత్తలేదు. అప్పుడు పరీక్షకుడు అడుగుతాడు, "అది పెరినెఫ్రిక్ కొవ్వు ఎందుకు కాదు?" మంచి ప్రశ్న. కొవ్వు పూర్తి నలుపు కాదు, లోపల సన్నటి ప్రతిధ్వనులుంటాయి. రెండు వైపులా తెల్లటి గీతలు హద్దుగా ఉంటాయి. కిడ్నీతో పాటు కదులుతుంది. ఎడమ కిడ్నీ చుట్టూ కూడా అలాగే ఉంటుంది. ఫ్రీ ఫ్లూయిడ్ ఖాళీ ఎక్కడుంటే అక్కడికి దూరుతుంది, అందుకే దానికి మొనలు. అనుమానం ఉంటే రోగి తల కిందికి ఉండేలా మంచాన్ని వంచి మళ్ళీ చూడండి. నీరైతే పెరుగుతుంది, కొవ్వైతే అలాగే ఉంటుంది.

రెండో ప్రశ్న, "అది రక్తమేనా?" ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. అల్ట్రాసౌండ్‌కి తెలియదు. రక్తం, యూరిన్, అసైటిస్, అన్నీ నల్లగానే ఉంటాయి. కానీ దెబ్బ తగిలి బీపీ పడిపోయిన మనిషిలో రక్తం అనుకునే ముందుకెళ్ళాలి. మొదలుపెట్టిన రక్తం ఎక్కించడం ఆపకుండా ఆపరేషన్ థియేటర్‌కి. ఇదే బొమ్మ, బీపీ 120/80 అయి నిలకడగా ఉంటే? అప్పుడు సీటీ. బొమ్మ మారలేదు, నిర్ణయం మారింది. లివర్ ఏ మేరకు చీలిందో, లోపల ఇంకెక్కడ దెబ్బ ఉందో సీటీ చెబుతుంది, ఫాస్ట్ చెప్పదు.

ఏదో అడుగుతున్నారు, గట్టిగా చెప్పండి. "బీపీ పడిపోయింది, ఫాస్ట్ నెగటివ్. అప్పుడేం చెప్పాలి?"

అడగాల్సిన ప్రశ్నే. నెగటివ్ అంటే రక్తం కారలేదని కాదు, ఈ నాలుగు చోట్ల ఇప్పటికి కనబడలేదని. పెద్దవాళ్ళలో కొన్ని వందల మిల్లీలీటర్లు చేరితే గానీ మోరిసన్ పౌచ్‌లో కనబడదు. కాబట్టి మరీ తొందరగా చూసి ఉండొచ్చు. కొన్ని నిమిషాలాగి మళ్ళీ చూస్తానని చెప్పండి. రెండోది, రక్తం ఫాస్ట్ చూడలేని చోట ఉండొచ్చు. పెల్విక్ ఫ్రాక్చర్‌లో రక్తం పెరిటోనియం వెనక చేరుతుంది, అక్కడ ఈ స్కాన్ గుడ్డిది. పెల్విస్ కదులుతోందని అనుమానముంటే బైండర్ కట్టి, ఎక్స్‌రే తీయాలి. తొడ ఎముక విరిగిందా? ఛాతీలో ఉందా? ఘటనా స్థలంలోనే పోయిందా? మూడోది, అసలు రక్తం పోవడమే కారణం కాకపోవచ్చు. ప్రోబ్ చేతిలోనే ఉంది కదా, ఛాతీకి రెండు వైపులా ముందు భాగంలో పెట్టి స్లైడింగ్ చూడండి. ఒకవైపు స్లైడింగ్ లేదు, ఆ వైపు శ్వాస శబ్దాలు లేవు, బీపీ పడిపోతోంది అంటే లంగ్ పాయింట్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. టెన్షన్ న్యుమోథొరాక్స్ అని చెప్పి ముందు ఛాతీలోని గాలి తీసేయండి, మిగతా స్కాన్ ఆ తర్వాత.